ఓడి వచ్చిన జట్టుతో ఏం మాట్లాడాలి?

మన కబడ్డీ జట్టు మొన్న 28-30తో ఓడి వచ్చింది గదా. బస్సు దిగగానే నేను ఎదురెళ్ళి, "పోనీలే అన్నా, ఆటే కదా!" అన్నాను. చివరి కూతకు వెళ్ళి దొరికిపోయిన అన్న నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. రాత్రి అన్నం కూడా తినలేదు. మంచి మాటే అన్నాను, ఎందుకు బాధపడ్డాడో నాకు అర్థం కాలేదు.

మరునాడు మా పి.ఇ.టి. సారు టోక్యో ఒలింపిక్స్ సంగతి చెప్పారు. 2021 ఆగస్టు 6న కంచు పతకం కోసం మన హాకీ అమ్మాయిలు బ్రిటన్‌తో ఆడారు. ఆ జట్టులో జార్ఖండ్ ఆదివాసీ పల్లెల నుంచి వచ్చిన సలీమా టెటె, నిక్కీ ప్రధాన్ ఉన్నారు. మొదట 0-2తో వెనకబడ్డారు. తర్వాత గుర్జీత్ కౌర్ రెండు, వందనా కటారియా ఒక గోలు కొట్టి 3-2 చేశారు. చివరికి 4-3తో ఓడి మైదానంలోనే ఏడ్చారు. అప్పుడు గెలిచిన బ్రిటన్ హాకీ వాళ్ళే మన జట్టును మెచ్చుకున్నారు. "ఆటే కదా అంటే వాళ్ళ కష్టాన్ని చిన్నది చేసినట్టు. ఏం చేశారో చూసి చెప్పాలి" అన్నారు సారు.

నేను స్కోరు పుస్తకం అడిగి చూశాను. చివరి కూతకు ముందు మనవి 28, వాళ్ళవి 29. అంతకుముందు మన రెండు కూతలు పాయింటు లేకుండా వచ్చాయి. అది వెళ్ళినవాళ్ళ తప్పూ కాదు, ఎదుట ఏడుగురూ నిలబడి ఉన్నారు. వరుసగా మూడో కూత కూడా ఖాళీగా వస్తే వెళ్ళినవాడు అవుటే. అంటే అన్నకు వెనక్కి వచ్చే దారి లేదు, లోపలికి దూకాల్సిందే. తెలిసే దూకాడు. ఇంకోటి కూడా కనిపించింది. మనవాళ్ళు ముగ్గురే మిగిలినప్పుడు వాళ్ళ పెద్ద ఆటగాణ్ణి పట్టి సూపర్ టాకిల్‌తో రెండు పాయింట్లు తెచ్చారు. చీలమండ పట్టింది ఆ అన్నే!

సాయంత్రం కుళాయి దగ్గర ఈ రెండూ చెప్పి, "ఆ పట్టుకు అభినందనలు అన్నా" అన్నాను. కాసేపు ఊరుకుని, "వాడి కాలు జారబోయిందిరా, వదల్లేదు" అని మొదటిసారి ఆట గురించి మాట్లాడాడు.

నాకు తెలిసింది ఇదీ. దిగిన వెంటనే సంచి అందుకుని నీళ్ళివ్వాలి, ఏమీ అడగకూడదు. "అలా ఆడుంటే గెలిచేవాళ్ళం" అనకూడదు, రెఫరీని తిట్టకూడదు. తప్పులు ప్రాక్టీసులో సారు చెప్తారు. మనం మాత్రం, చేసిన మంచి పనిని పేరుపెట్టి చెప్పాలి. లేనిది పొగిడితే ఆడినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

వచ్చేవారం మన ఖో-ఖో జట్టు వెళ్తోంది. ఓడినా గెలిచినా, ముందు స్కోరు పుస్తకం చూసి మాట్లాడదాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి