బోడ్‌మాస్‌లో భాగహారం ముందా, గుణకారం ముందా?

సూక్ష్మీకరణ ప్రశ్నల్లో ఈ రకం తరచూ కనిపిస్తుంది:

72 ÷ 3² × (7 − 5) = ?

ముందు బ్రాకెట్: 7 − 5 = 2. తర్వాత ఘాతం: 3² = 9. ఇక్కడిదాకా పెద్దగా ఎవరూ తడబడరు. మిగిలింది 72 ÷ 9 × 2. అసలు చిక్కంతా ఇక్కడే.

9 × 2 = 18 అని ముందు గుణించి, 72ను 18తో భాగిస్తే 4 వస్తుంది. అది తప్పు. భాగహారం, గుణకారం రెండూ ఒకే స్థాయివి. ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే దాన్నే ముందు చేయాలి. 72 ÷ 9 = 8, 8 × 2 = 16. జవాబు 16. బోడ్‌మాస్‌లో 'డి' ముందుంది కాబట్టి ఎప్పుడూ భాగహారమే ముందు అనుకోవడమూ పొరపాటే. 5 × 6 ÷ 3 లో ముందు గుణించడమే వరస.

అనుమానం వస్తే భాగహారాన్ని విలోమంతో గుణకారంగా మార్చి రాయండి: 72 × 1/9 × 2. ఇప్పుడు ఏ వరసలో గుణించినా 16 తప్ప మరొకటి రాదు. పరీక్ష హాల్లో నాకు తెలిసి ఇంతకంటే నమ్మకంగా సరిచూసుకునే దారి లేదు.

గుణకారం గుర్తు బదులు 'ఆఫ్' అని ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మన పోటీ పరీక్షల పద్ధతిలో దానికి భాగహారం కంటే ముందు స్థానం. కాబట్టి 72 ÷ 9 ఆఫ్ 2 అంటే 72 ÷ 18, జవాబు 4.