వారం చార్టు చెప్పాకే గంట చార్టు

ఆఫీసులో టీ తాగుతూ ఫోన్లో గంట చార్టు చూస్తాం. వరుసగా మూడు పచ్చ క్యాండిళ్లు కనిపిస్తే కొనేస్తాం. రాత్రి ఇంట్లో తీరిగ్గా వారం చార్టు తెరిస్తే, ఆ షేరు నాలుగు నెలలుగా దిగుతూనే ఉందని తెలుస్తుంది. ముందు చూడాల్సింది చివర చూశాం, పొరపాటంతా అక్కడే.

షేరు ఎటు పోతోందో వారం చార్టు చెప్పాలి. ఏ ధర దగ్గర కొనాలో రోజు చార్టు చెప్పాలి. ఎప్పుడు కొనాలన్న ఒక్క సంగతే గంట చార్టును అడగాలి.

వారం చార్టు శనివారం చూడండి. మామూలుగా శుక్రవారం మధ్యాహ్నం 3:30 దాటితే గానీ ఆ వారం క్యాండిల్ పూర్తికాదు. బుధవారం పచ్చగా ఉన్నది శుక్రవారానికి ఎర్రబడవచ్చు.

లెక్క కోసం ఒక షేరు అనుకుందాం. వారం చార్టులో ధర 20 వారాల సగటుకు పైన ఉంది, పడిన ప్రతిసారీ అంతకుముందు కంటే పైనే ఆగుతోంది. అంటే కొనడానికే చూడాలి. రోజు చార్టులో అది పాత అడ్డంకి 485ను దాటి 530 దాకా వెళ్లి, మళ్లీ 486కు దిగింది. మనకు కావాల్సిన చోటు ఇదే. కానీ ఇంకా కొనకూడదు, ఎందుకంటే గంట చార్టు ఇప్పటికీ దిగుతోంది. అందులో చివరిగా ధర లేచి ఆగిపోయిన చోటు 494. ఒక గంట క్యాండిల్ దానిపైన ముగిసినప్పుడు 496 దగ్గర కొని, స్టాప్‌లాస్ 483 దగ్గర పెడతాం.

షేరుకు 13 రూపాయల రిస్కు. పెట్టుబడి 2 లక్షలై, అందులో ఒక శాతం, అంటే 2,000 మాత్రమే పోగొట్టుకోగలం అనుకుంటే, 153 షేర్లు కొనాలి. 530 వరకు వెళితే షేరుకు 34 వస్తుంది. ఆ దూరం రిస్కుకు రెట్టింపైనా లేకపోతే నేనైతే వదిలేస్తాను.

దీనికోసం రోజంతా స్క్రీన్ ముందు కూర్చోనక్కర్లేదు. 494కు అలర్ట్ పెట్టుకోండి. మార్కెట్ 9:15కు తెరుచుకుంటుంది కాబట్టి గంట క్యాండిళ్లు 10:15, 11:15, అలా ముగుస్తాయి. అలర్ట్ మోగినా అప్పటిదాకా ఆగండి. 3:15 తర్వాత వచ్చే చివరి క్యాండిల్ నిడివి పావుగంటే, దాన్ని నమ్మి కొనొద్దు.

వారం చార్టు మలుపును ఆలస్యంగా చూపిస్తుంది. అది అడ్డంగా సాగుతుంటే మిగతా రెండూ తెరవకండి. కంపెనీ ఫలితాలు రెండు మూడు రోజుల్లో ఉన్నా ఆగడమే మేలు. రాత్రికి రాత్రి వార్త వచ్చి షేరు 470 దగ్గర తెరుచుకుంటే 483 స్టాప్‌లాస్ కాపాడదు.

ఇక అందరం చేసే తప్పు: 483 తగిలాక ‘వారం ట్రెండ్ బాగానే ఉందిగా’ అని అట్టిపెట్టుకోవడం. గంట చార్టు చూసి కొన్నదాన్ని వారం చార్టు సాకుతో మోయకండి. మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజుకే చెల్లుతుంది, మర్నాడు మార్కెట్ తెరిచేలోపు మళ్లీ పెట్టండి.