ఇన్నేళ్ల తర్వాత ఆ మొదటి మెసేజ్

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కలిసి పాఠాలు చెప్పినవాళ్లు ఒకే స్టాఫ్‌రూములో, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య దొరికే కాసేపట్లోనే బాగా దగ్గరవుతారు. సెంటర్ మారినా మూతపడినా ఆ చనువంతా ఫోన్లో ఒక నంబరుగా మిగిలిపోతుంది.

నాకు తెలిసిన ఒక అరిథ్‌మెటిక్ లెక్చరర్‌ సంగతీ ఇంతే. అదే సెంటర్లో రీజనింగ్ చెప్పిన సారుతో ఆయనకు ఏళ్లుగా మాటల్లేవు. ఆ సారు ఇప్పుడు ఎల్.బి.నగర్ వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉన్నారు. ఈయనకేమో బ్యాచ్‌లు తగ్గాయి, గెస్ట్ లెక్చరర్‌గా అవకాశం ఉందేమో కనుక్కోవాలి. 'హాయ్ సార్, ఎలా ఉన్నారు? గుర్తున్నానా?' అని టైప్ చేసి, పంపేముందు నాకు చూపించారు.

ఇలాంటి మెసేజ్ అందుకున్న ఎవరికైనా తర్వాతి వరస తెలుసు. 'బాగున్నాను, మీరు?' అంటాం. పిల్లల చదువుల ప్రస్తావన వస్తుంది. ఆ వెంటనే 'ఒక చిన్న పని ఉండి...' అని అసలు సంగతి దిగుతుంది. అందుకే మొదటి పలకరింపు దగ్గరే మనసు బిగుసుకుంటుంది. దీనికి విరుగుడని కొందరు రెండు వారాలు గుడ్ మార్నింగ్ బొమ్మలు, పండగ శుభాకాంక్షలు పంపి, ఆ తర్వాత అడుగుతారు. ఇది ఇంకా చేటు. అసలు పని బయటపడగానే అంతకుముందు పంపిన పలకరింపులన్నీ అవసరం కోసమేనని తేలిపోతాయి.

అవసరం ఉంటే దాచకూడదన్నది నా అభిప్రాయం. చివరికి ఆయన తన పేరు చెప్పుకొని ఇలా రాశారు: 'సార్, నమస్తే. దిల్‌సుఖ్‌నగర్‌లో మీతోపాటు అరిథ్‌మెటిక్ చెప్పేవాణ్ని. సీటింగ్ అరేంజ్‌మెంట్ చెప్పడానికి మీరు పిల్లల్నే గుండ్రంగా కూర్చోబెట్టేవారు. మొన్న క్లాసులో నేనూ అలాగే చేశాను, మీరు గుర్తొచ్చారు. ఇన్నాళ్లూ పలకరించలేదు, ఏమీ అనుకోకండి. ఒక విషయం కూడా అడగాలి. మా దగ్గర బ్యాచ్‌లు తగ్గాయి, గెస్ట్ లెక్చరర్‌గా ప్రయత్నిస్తున్నాను. మీ వైపు కాలేజీల్లో ఎప్పుడు, ఎవరిని అడగాలో చెప్తే చాలు. వీలుకాకపోయినా ఫర్వాలేదు.'

ఇందులోని జ్ఞాపకం అవతలి మనిషి చేసిన పని గురించి. 'ఆ రోజులే వేరు సార్' అని ఎవరికైనా రాయొచ్చు. గుండ్రంగా కూర్చోబెట్టిన సంగతి మాత్రం ఆ సారొక్కరికే రాయగలం. అది నిజమై ఉండాలి, కల్పిస్తే ఎదురుపడ్డప్పుడు తెలిసిపోతుంది. క్షమాపణ ఒక్క ముక్కలో అయిపోయింది. దాన్ని పొడిగిస్తే మనల్ని ఓదార్చే భారం ఆయన మీద పడుతుంది. ఇక ఉద్యోగం ఇప్పించమని కాకుండా దారి చెప్పమని అడిగారు. ఉద్యోగం ఆయన చేతిలో లేకపోవచ్చు. తెలిసింది చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాదనాల్సిన ఇబ్బందీ రాదు. అప్పు, జామీను సంతకం లాంటివి మాత్రం ఏళ్ల తర్వాతి మొదటి మెసేజ్‌లో అడగకూడదు. ఎంత బాగా రాసినా అవి దారి మూసేస్తాయి.

సలహా అడగడం ఊరికే మర్యాద కోసం కాదు. డేనియల్ లెవిన్, హోర్హే వాల్టర్, కీత్ మర్నిఘన్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కనీసం మూడేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్తుల్ని ఒక పని విషయంలో సలహా అడగమని మేనేజర్లకు చెప్పారు. రోజూ మాట్లాడేవాళ్ల సలహాకు ఈ పాతవాళ్ల సలహా ఏమీ తీసిపోలేదు, పైగా ఎక్కువ కొత్త సంగతులు తెలిశాయి. విడిపోయాక వాళ్లు వేరే చోట్ల వేరే మనుషుల మధ్య తిరిగారు కదా. పాత నమ్మకం మాత్రం చెదరలేదు. పెగీ లియూ బృందం 2022లో తేల్చిన మరో మాట: అనుకోని పలకరింపు అవతలివాళ్లకు ఎంత సంతోషమిస్తుందో పలకరించేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు.

ఈయన పంపిన మెసేజ్‌కు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం వెంటనే రాలేదు. ఇక్కడ చాలామంది తొందరపడి 'సార్, చూశారా?' అని వెంటపడతారు. ఒక వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయొచ్చు, అంతకు మించి వద్దు. ఈయనకు ఆ అవసరం రాలేదు. 'ఇప్పుడు ఖాళీల్లేవు సార్, కొత్త విద్యా సంవత్సరానికి ముందు చూస్తారు. ఆదివారం రండి, టీ తాగుదాం' అని జవాబొచ్చింది. ఇద్దరికీ మధ్యలో పడుతుందని చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర కలిశారు. బయోడేటా ఈయన బయటికి తీయలేదు, ఆ సారే అడిగి తీసుకుని తనకు తెలిసిన మరో కాలేజీకి పంపారు.

ఎక్కువమంది జారిపోయేది దీని తర్వాతే. పని అయితే ఆ హడావిడిలో, కాకపోతే మొహమాటంతో మళ్లీ నల్లపూసలైపోతారు. మొదటి మెసేజ్‌లో లేని స్వార్థం అప్పుడు అంటుకుంటుంది. ఆ కాలేజీలో ఈయనకు పోస్టు రాలేదు. ఇంటర్వ్యూ ఫలితం తెలిసిన సాయంత్రమే ఈయన ఫోన్ చేసి, ఏం అడిగారో, ఎక్కడ తడబడ్డారో ఆ సారుకు చెప్పారు. ఆ ఫోన్‌లో ఇంకేమీ అడగలేదు.