నూటికి రూపాయే అన్నాడట

అల్లుడూ,

నా చెల్లె మోకాలి ఆపరేషన్‌కు రెండు లక్షలు కావాలని, హిల్ కాలనీ హోటల్లో ఒక ఫైనాన్స్ ఏజెంట్ కలిశాడని రాత్రి ఫోన్లో చెప్పావు. "నూటికి రూపాయే మామా, బ్యాంకు కూడా అంతే గదా" అన్నావు. ఆ మాట దగ్గరే నా నిద్ర ఎగిరిపోయింది.

మన ఊళ్లలో వడ్డీ నూటికి ఇన్ని రూపాయలని లెక్కపెట్టే అలవాటుంది. ఆ అలవాటునే అతను పట్టుకున్నాడు. నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు మేనేజరూ 12 అనే అనొచ్చు. అయితే బ్యాంకు వడ్డీ మిగిలిన అసలు మీదే పడుతుంది, నువ్వు కిస్తీ కట్టినకొద్దీ తగ్గుతుంది. ఏజెంట్ చెప్పింది ఫ్లాట్ వడ్డీ. సగం అసలు తీర్చేసినంక కూడా మొత్తం రెండు లక్షల మీదే వడ్డీ నడుస్తుంది.

కాగితం మీద వేసి చూశాను. రెండు లక్షలు, మూడేళ్లు. ఫ్లాట్‌లో వడ్డీ 72 వేలు, కిస్తీ 7,556. బ్యాంకు లెక్కలో కిస్తీ 6,643, మొత్తం వడ్డీ 39 వేల చిల్లర. చెప్పిన అంకె ఒకటే, కట్టే వడ్డీలో దాదాపు 33 వేల తేడా. ఆ ఫ్లాట్ 12ను బ్యాంకు లెక్కకు తెస్తే 21 శాతం దాటుతుంది.

అంతటితో అయిపోలేదు. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 7,080, ఇన్సూరెన్స్‌కు 4 వేలు ముందే పట్టుకుంటారని నువ్వే చెప్పావు. అంటే చేతికొచ్చేది 1,88,920. కిస్తీ మాత్రం రెండు లక్షలకే. అప్పుడది 25 శాతం పైన పడుతుంది. ఇన్సూరెన్స్ తప్పనిసరా అని అడుగు. బ్యాంకులో కూడా అడగాలి, వాళ్లేం తక్కువ తినలేదు.

ఈ లెక్కంతా నీకు రానక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ముందే చేతికివ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఏడాది ఖర్చు అది. ఇద్దరి కాగితాల్లో ఆ ఒక్క అంకె పక్కపక్కన పెట్టి చూడు. నీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులోనే అడుగు. అందులో రాసిన షరతులు కనీసం మూడు పని దినాలు చెల్లుతాయి. ఇవాళే సంతకం పెట్టాలని ఎవరన్నా తొందరపెడితే ఈ మాట చెప్పు.

బ్యాంకు నిన్ను తిప్పుతుందని తెలుసు. జీతం స్లిప్పు లేని నీలాంటి చేపల ఫ్రై బండివాడికి ఫైనాన్సోళ్లు రెండు రోజుల్లో ఇస్తారు, బ్యాంకు ఏడాది స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్ అడుగుతుంది. ఆ తొందరకు, ఆ సడలింపుకు ధర ఉంటుంది, అది తప్పని నేననను. కానీ నీ రాబడి డ్యాం గేట్లు ఎత్తినప్పుడు వస్తుంది, ఎండాకాలంలో ఎండిపోతుంది. కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. గేట్ల నెలల్లో నాలుగు పైసలు ఎక్కువొస్తే అసలులో కట్టనిస్తారా, దానికి ఛార్జీ ఎంత అన్నది నీకు వడ్డీ అంత ముఖ్యం. 2026 జనవరి 1 నుంచి ఇచ్చే ఫ్లోటింగ్ వడ్డీ వ్యక్తిగత అప్పులకు, సొంత అవసరానికి తీసుకుంటే, ముందు కట్టినా ఛార్జీ ఉండకూడదు. ఫిక్స్‌డ్ వడ్డీకి ఆ రక్షణ లేదు. పర్సనల్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డే, బ్యాంకులో కూడా. నేనొకసారి ఒక కంపెనీలో అడక్కుండా సంతకం పెట్టి, ముందే తీరుద్దామని పోతే మిగిలిన దాని మీద నూటికి నాలుగు రూపాయలు కట్టి బయటపడ్డాను.

కిస్తీ తప్పితే? రికవరీ వాళ్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. చేస్తే ఫిర్యాదు ముందు అప్పిచ్చినవాళ్లకే రాతలో ఇచ్చి, 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా సరిపోకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టొచ్చు. తేడా ఒక్కటే, చిన్న ఫైనాన్స్ కంపెనీలు చాలావరకు ఆ అంబుడ్స్‌మన్ కిందికి రావు. అందుకే ఏజెంట్ పేరు కాదు, కంపెనీ పేరు అడిగి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ చూడు.

ఇంకోటి, అమ్మాయి గొలుసు బీరువాలోనే ఉంది గదా. బ్యాంకులో బంగారం మీద అప్పు ఈ రెండింటికన్నా చౌకగా పడొచ్చు, స్లిప్పు కూడా అడగరు. చెప్పడానికి మొహమాటమే, అయినా ముందు అమ్మాయిని అడుగు.

ఆదివారం రెండు కాగితాలూ పట్టుకుని పైలాన్ కాలనీకి రా. అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకు. చెల్లెను మెట్లు ఎక్కనీయకు.

మీ మామ