చెల్లి రాసిన రిపోర్ట్ మన చేతికొస్తే

పక్క సీటు అమ్మాయి రిపోర్ట్ రాసి, "అక్కా, పైకి పంపేముందు ఒక్కసారి చూసిపెట్టవా" అంటుంది. చూస్తే ఎక్కడో తేడా కొడుతోంది. చెబితే చిన్నబుచ్చుకుంటుందేమోనని బెంగ. ఊరుకుంటే రేపు మేనేజర్ ముందు మాట పడేది ఆ పిల్లే. ఈ ఇరకాటం మనలో ఎవరికి ఎదురవలేదు చెప్పండి?

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక కంపెనీ, కస్టమర్ల ఫిర్యాదుల మీద రిపోర్ట్ అనుకుందాం. రెండో పేజీలో ఇలా ఉంది: "ఏప్రిల్‌లో 240 ఫిర్యాదులు, మేలో 300. 25 శాతం పెరిగాయి కాబట్టి మన సర్వీసు దిగజారింది." నాలుగో పేజీకి వెళ్తే, ఆర్డర్లు ఏప్రిల్‌లో 8,000, మేలో 12,000. అంటే వెయ్యి ఆర్డర్లకు ఏప్రిల్‌లో 30 ఫిర్యాదులొస్తే, మేలో 25 వచ్చాయి. రాసినదానికి పూర్తిగా ఎదురు!

ఇది కనబడగానే మన నోట్లోంచి ఏమొస్తుంది? "ఇదేంటే, హడావిడిగా రాసేశావా? విశ్లేషణ అస్సలు లేదు." ఇంతే కదా? పాపం, ఆ పిల్ల ఆదివారం కూడా కూర్చుని రాసి ఉండొచ్చు. హడావిడి అన్నది ఏ పేజీలో ఉందో మనం చూపించగలమా? చూపించలేం, అది మన ఊహ. అందుకే తను లెక్క సంగతి వదిలేసి, కష్టపడ్డానని నిరూపించుకోవడం మొదలుపెడుతుంది. అరగంట వాదన అయ్యాక కూడా తప్పు రెండో పేజీలో అలాగే ఉంటుంది.

కాబట్టి నోరు తెరిచే ముందు, చెప్పబోయే మాటను పేజీ మీద వేలు పెట్టి చూపించగలమా అని చూసుకోండి. చూపించగలిగితేనే అనండి. "రెండో పేజీలో ఫిర్యాదులు 240 నుంచి 300 అయ్యాయని ఉంది. నాలుగో పేజీలో ఆర్డర్లు కూడా 8,000 నుంచి 12,000కు పెరిగాయి. వెయ్యి ఆర్డర్లకు లెక్కేస్తే 30 నుంచి 25కు తగ్గుతోంది. ఆ టేబుల్‌లో 'వెయ్యి ఆర్డర్లకు' అని ఒక కాలమ్ కలిపి, కింద వాక్యం దాన్ని బట్టి మార్చితే ఎలా ఉంటుంది?" విన్నారా, ఇందులో ఆ పిల్ల గురించి ఒక్క ముక్కా లేదు. ఉన్నదంతా అంకెలు, ఆమె చేయగలిగిన ఒక పని. పది నిమిషాల్లో సరిచేసుకుంటుంది.

ప్రశ్నలా అడిగితే మెత్తగా ఉంటుంది కదా అంటారు. నిజమే, కానీ మనకు నిజంగా తెలియనిదైతేనే అడగాలి. జవాబు మన దగ్గర పెట్టుకుని "ఆర్డర్ల సంగతి ఆలోచించావా?" అంటే బళ్లో టీచర్ లేపి అడిగినట్టుంటుంది. ఇక్కడ నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "మేలో వచ్చిన ఫిర్యాదుల్లో ఏప్రిల్ ఆర్డర్లవి ఎన్నున్నాయి? విడిగా తీశావా?" చీర చేరాక కదా ఫిర్యాదు వచ్చేది! అవి ఎక్కువుంటే మన 25 కూడా మారుతుంది. ఈ ప్రశ్నతో తన దగ్గరున్న సమాచారానికి మనం విలువ ఇచ్చినట్టూ అవుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. మెత్తదనం పేరు చెప్పి తప్పును పొగడ్తల్లో ముంచేయకండి. "చాలా బాగుంది, ఫార్మాట్ సూపర్, ఏదో చిన్న డౌటు, మిగతాదంతా అదిరింది" అంటే ఆ అమ్మాయికి అదిరిందనే వినిపిస్తుంది, ఫైలు అలాగే పైకి వెళ్తుంది. "ఇది పంపేలోపు తప్పక మారాలి" అని ఆ ఒక్క తప్పు గురించి స్పష్టంగా చెప్పండి. గ్రాఫ్ రంగు, హెడ్డింగ్ సైజు లాంటివి "నా ఇష్టం ఇది, నీకు నచ్చితేనే మార్చు" అని విడిగా పెట్టండి. రెండూ కలిపేసి ఇరవై కామెంట్లు ఎర్రగా నింపితే ఏది ముఖ్యమో తనకెలా తెలుస్తుంది?

పెద్దవారి రిపోర్టైతే "మేడమ్, నాలుగో పేజీతో కలిపి చూస్తే నాకిలా వస్తోందండీ, ఒకసారి చూస్తారా" అంటే చాలు, అంకెలు మాత్రం అవే. ఎవరితోనైనా మీటింగ్‌లో పదిమంది ముందు వద్దు, ముందుగానే పక్కకు పిలిచి చెప్పండి.

సరిచేసి మళ్లీ పంపిందనుకోండి. ముందు ఆ టేబుల్, ఆ వాక్యం మాత్రం చూడండి. కుదిరితే "కొత్త కాలమ్‌తో సంగతి వెంటనే తెలిసిపోతోంది" అని అదీ పేజీ మీద వేలు పెట్టే చెప్పండి. అప్పుడు కొత్తగా హెడ్డింగుల గొడవ మాత్రం మొదలుపెట్టకండి, పంపనివ్వండి.