పదీ పదీ ఇరవై ఎందుకు కాలేదు?

ప్రశ్న: మా ఊళ్లో ఓ బట్టల దుకాణంలో ‘10% + 10% తగ్గింపు’ బోర్డు చూసి 4,000 రూపాయల చీర కొన్నాను. 3,200 అవుతుందనుకుంటే బిల్లు 3,240 వేశారు. నలభై రూపాయలు ఎక్కువ తీసుకున్నారా?
– ఓ గృహిణి, మెదక్

జవాబు: లేదమ్మా, బిల్లు సరిగ్గానే ఉంది. మొదటి పది శాతం 4,000 మీద లెక్కిస్తారు. అంటే 400 తగ్గి, ధర 3,600 అవుతుంది. రెండో పది శాతం ఈ 3,600 మీదే. అది 360 మాత్రమే. మొత్తం తగ్గింది 760, అంటే 19 శాతం. మీరు ఎక్కువ తీసుకున్నారనుకున్న నలభై, మొదట తగ్గిన 400లో పది శాతమే. ఆ 400 అప్పటికే ధరలోంచి పోయింది కాబట్టి దానిమీద మళ్లీ తగ్గింపు రాదు.

ఈసారి కొనేముందు ఇలా చూసుకోండి. రెండు శాతాలనూ కూడండి. ఆ రెంటినీ గుణించి వందతో భాగించి, వచ్చింది కూడికలోంచి తీసేయండి. 20% + 10% అయితే 30లోంచి 2 పోయి 28 శాతం. ఏ తగ్గింపు ముందు వేసినా ఫలితం ఇంతే. పక్క దుకాణంలో ఒకేసారి 20 శాతం ఇస్తుంటే, అసలు ధర ఒకటే అయినప్పుడు 10% + 10% కంటే అదే మేలు.

బోర్డు మీద ‘మొత్తం 20 శాతం’ అని ఉండి 19 శాతమే తగ్గిస్తే మాత్రం ఊరుకోకండి. బోర్డు ఫొటో, బిల్లు దగ్గరుంచుకుని ముందు దుకాణదారును అడగండి. సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.