డిగ్రీల నుంచి రేడియన్లకు, మళ్ళీ వెనక్కి

మొన్న సాయంత్రం మాంగోలో మా పక్కింటి అబ్బాయి లెక్కల పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పదకొండో తరగతి. త్రికోణమితి పాఠం ఇప్పుడే మొదలైంది. "మేడమ్, sin 30 అంటే అర అని పదో తరగతిలో చదివాను కదా! నాన్న ఫోన్‌లో నొక్కితే −0.988 వస్తోంది. ఫోన్ చెడిపోయిందా?" అన్నాడు. నేను చెప్పేది తెలుగే అయినా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పంపాలనిపించలేదు. ఫోన్ బాగానే ఉంది. వాడు 30 డిగ్రీలు అనుకుని నొక్కాడు, ఫోన్ దాన్ని 30 రేడియన్లు అనుకుంది. తేడా అంతా అక్కడే.

డిగ్రీ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక పూర్తి చుట్టును 360 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక డిగ్రీ. 360 అనే సంఖ్య మనుషులు ఎంచుకున్నది. అది వృత్తంలోంచి పుట్టిన సంఖ్య కాదు. రేడియన్ మాత్రం వృత్తంలోంచే పుడుతుంది. అది ఎలాగో చూడాలంటే వంటింట్లోంచి ఒక గుండ్రటి స్టీలు పళ్ళెం, కొంచెం దారం తెచ్చుకోండి.

పళ్ళెం మధ్య నుంచి అంచు దాకా కొలవండి. అది వ్యాసార్ధం. 14 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. సరిగ్గా అంతే పొడవు దారం కత్తిరించి, దాన్ని పళ్ళెం అంచు వెంబడి వంచి పెట్టండి. దారం రెండు కొసల దగ్గరా గుర్తులు పెట్టి, ఆ గుర్తుల నుంచి మధ్యకు రెండు గీతలు గీయండి. ఆ గీతల మధ్య ఉన్న కోణమే ఒక రేడియన్. అంటే అంచు మీది చాపం పొడవు వ్యాసార్ధంతో సమానమైనప్పుడు కేంద్రం దగ్గర ఏర్పడే కోణం. పళ్ళెం పెద్దదైతే దారం కూడా పెద్దదవుతుంది, కోణం మాత్రం మారదు.

ఇప్పుడు అదే దారాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అంచు చుట్టూ పెడుతూ వెళ్ళండి. ఆరుసార్లు పట్టి, ఇంకా సుమారు 4 సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. ఎందుకంటే వృత్త పరిధి 2πr. దాన్ని r తో భాగిస్తే 2π, అంటే దాదాపు 6.28. కాబట్టి ఒక పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అదే చుట్టు 2π రేడియన్లు. సగం చేస్తే మనం గుర్తుంచుకోవలసిన ఒకే ఒక్క మాట వస్తుంది:

180° = π రేడియన్లు

మిగిలినదంతా దీని నుంచే వస్తుంది. రెండు వైపులా 180తో భాగిస్తే ఒక డిగ్రీ π/180 రేడియన్లు. రెండు వైపులా π తో భాగిస్తే ఒక రేడియన్ 180/π డిగ్రీలు, అంటే సుమారు 57.3 డిగ్రీలు.

డిగ్రీల నుంచి రేడియన్లకు వెళ్ళాలంటే π/180తో గుణించాలి. 75 డిగ్రీలు తీసుకుందాం. 75 × π/180. 75నీ 180నీ 15తో కొట్టేస్తే 5π/12. వెనక్కి రావాలంటే 180/π తో గుణించాలి. 7π/6 రేడియన్లను 180/π తో గుణిస్తే π, π పోతాయి. 7 × 30, అంటే 210 డిగ్రీలు.

రేడియన్లలో π తప్పకుండా ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. 2 రేడియన్లు అని ఉన్నా అది కోణమే. 2 × 57.3, అంటే సుమారు 114.6 డిగ్రీలు. ఇంకొందరు π అంటేనే 180 అనుకుంటారు. π ఎప్పుడూ 3.14 చిల్లరే. 180 డిగ్రీలకు సమానమైనది π రేడియన్లు. ఏ సంఖ్యతో గుణించాలో సందేహం వస్తే, ఒక రేడియన్ ఒక డిగ్రీ కంటే ఎంతో పెద్దదని గుర్తు తెచ్చుకోండి. ఒకే కోణాన్ని పెద్ద కొలతతో కొలిస్తే చిన్న సంఖ్య రావాలి. 75 డిగ్రీలకు జవాబు 75 కంటే పెద్దదిగా వస్తే మీరు తలకిందులుగా గుణించారన్నమాట.

ఇంత శ్రమ దేనికి అంటారా? కోణం రేడియన్లలో ఉంటే, దాన్ని వ్యాసార్ధంతో గుణించగానే చాపం పొడవు వచ్చేస్తుంది. మనలాగా బదిలీల మీద తిరిగే వాళ్ళకు నచ్చే లెక్క ఒకటి చేద్దాం. మాంగో సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, విశాఖపట్నం 17.7 డిగ్రీల మీద. తేడా 5.1 డిగ్రీలు. దీన్ని π/180తో గుణిస్తే 0.089 రేడియన్లు. భూమి వ్యాసార్ధం సుమారు 6371 కిలోమీటర్లు. 0.089 × 6371 = 567. అంటే విశాఖ మనకు దాదాపు 567 కిలోమీటర్లు దక్షిణాన ఉంది. ఇది ఉత్తర దక్షిణాల దూరం మాత్రమే. విశాఖ మనకు కొంత పడమరకు కూడా ఉంది కాబట్టి అసలు దూరం ఇంకా ఎక్కువ. మార్చడం మరచిపోయి 5.1ని నేరుగా 6371తో గుణిస్తే 32 వేల కిలోమీటర్లు దాటుతుంది. భూమి చుట్టుకొలతే సుమారు 40 వేలు. అలాంటి జవాబు చూడగానే డిగ్రీలను మార్చలేదని పట్టేయవచ్చు.

రేడియన్ అనే పేరు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది కానీ, ఆ ఆలోచన మన దేశంలో చాలా పాతది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం చూడండి. ఒక డిగ్రీలో అరవయ్యో వంతును కళ అంటారు. పూర్తి చుట్టుకు 21,600 కళలు. ఆర్యభటుడు వృత్త పరిధిని కళల్లో కొలిచి, వ్యాసార్ధాన్ని కూడా అదే కళల్లో చెప్పాడు. 21,600ని 2π తో భాగిస్తే దాదాపు 3438. ఆయన జ్యా పట్టికలో వ్యాసార్ధం అదే. 3438 కళలను 60తో భాగించండి, 57.3 డిగ్రీలు వస్తుంది. మన పళ్ళెం మీద దారం చూపిన కోణమే అది! ఆ పట్టికలో మొదటి కోణం 225 కళలు, దాని జ్య కూడా 225. చిన్న కోణాలకు చాపమూ జ్యా దాదాపు ఒకటేనని, రెంటినీ ఒకే కొలతతో కొలిచారు కాబట్టే కంటికి కనిపిస్తుంది.

ఇక ఫోన్ సంగతి. 30 రేడియన్లంటే 30 × 57.3, సుమారు 1719 డిగ్రీలు. అందులో నాలుగు పూర్తి చుట్లు, అంటే 1440 తీసేస్తే 279 మిగులుతుంది. 270 డిగ్రీల దగ్గర sin విలువ −1. 279 దానికి దగ్గరే కనుక −0.988 వచ్చింది. ఫోన్ తనను అడిగిన లెక్కకు సరైన జవాబే ఇచ్చింది.

కొన్ని ఫోన్లలో DEG, RAD అనే మీటల మీద ఉన్న మాట ఇప్పుడున్న కొలతను చెబుతోందా, నొక్కితే రాబోయే కొలతనా అన్నది తెలియదు. అందుకని లెక్క మొదలుపెట్టే ముందు sin 30 నొక్కి చూడండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉంది. −0.988 వస్తే రేడియన్లలో ఉంది.

ఆ అబ్బాయి మీట మార్చి మళ్ళీ నొక్కాడు. 0.5 వచ్చింది. తర్వాత ఏమనుకున్నాడో, మీటను మళ్ళీ రేడియన్లకు మార్చి, ఈసారి 30కి బదులు π/6 నొక్కాడు. అప్పుడూ 0.5 వచ్చింది. "రెండూ ఒకటే కోణం కదా మేడమ్!" అన్నాడు.